సీసాలో నీళ్లు ఎందుకు పైకి ఎక్కుతున్నాయి?

పోయిన ఎండాకాలం మా ఊరి అన్న ఒకాయన జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. కుడి పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుంది. ఆస్పత్రికి తెచ్చేసరికి రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. చదువుకున్నోళ్లు కదా అని వదిన హాస్టల్లో ఉన్న మా ముగ్గురికీ ఫోన్ చేసింది.

డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి, "కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయింది" అన్నారు. చిల్లు పడింది చిన్నది. మరి మొత్తం ఎందుకు ముడుచుకుంది? ఇంటర్‌లో ప్లూరల్ త్వచాల గురించి బట్టీ పట్టి రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయినా జవాబు తట్టలేదు.

అసలు ఊపిరితిత్తిని పక్కటెముకలకి లాగి కట్టిన కండరం ఏదీ లేదు. ఊపిరితిత్తి మీద ఒక పలచని పొర, ఛాతీ గోడకి లోపలి వైపు ఇంకో పొర, వాటి నడుమ కొద్దిగా ద్రవం. ఒక్కో వైపు సుమారు రెండు టీ చెంచాలు, అంతే. ల్యాబ్‌లో రెండు గాజు స్లైడ్లని తడిపి అంటించి చూడండి. పక్కకి సులువుగా జారతాయి, ఎదురెదురుగా లాగితే మాత్రం ఊడవు. లోపల కూడా అదే పని.

ఊపిరితిత్తి రబ్బరులాంటిది, ఎప్పుడూ లోపలికి ముడుచుకోవాలని చూస్తుంది. ఛాతీ గోడ బయటికి తెరుచుకోవాలని చూస్తుంది. ఇద్దరూ చెరో వైపు లాగడం వల్ల పొరల నడుమ పీడనం బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది. బయట 760 మిల్లీమీటర్లైతే అక్కడ దాదాపు 756, గాలి పీల్చినప్పుడు 754 దాకా దిగుతుంది. ద్రవం సాగదు కాబట్టి గోడ ఎటు పోతే ఊపిరితిత్తి అటే పోతుంది. కానీ గాలి సాగుతుంది. చిల్లులోంచి గాలి ఆ నడుమకి చేరగానే పట్టు విడిపోయింది, ఊపిరితిత్తి తన దారిన తాను ముడుచుకుంది. అన్న ఛాతీ కుడి వైపు సరిగా లేవలేదు, వేలితో కొడితే డప్పులా మోగింది, స్టెతస్కోపులో ఊపిరి చప్పుడు దాదాపు లేదు.

చంక కింద పక్కటెముకల మధ్యనుంచి గొట్టం వేసి, దాని రెండో కొస సీసాలో నీళ్ల అడుగున ఉంచారు. లోపలి గాలి బుడగలుగా బయటికి వస్తుంది, బయటి గాలి వెనక్కి పోలేదు. అన్న ఊపిరి పీల్చినప్పుడల్లా గొట్టంలో నీళ్లు పైకి ఎక్కేవి. అప్పుడు అర్థమైంది మాకు, పుస్తకంలో చదివిన పీడనం తగ్గడమంటే ఇదేనని.

ఒక తప్పు కూడా చేశాం. ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు సీసాని స్ట్రెచర్ మీద అన్న పక్కనే పెట్టాం. సిస్టర్ గట్టిగా అరిచింది. సీసా ఛాతీ కంటే పైకి వస్తే ఆ నీళ్లే లోపలికి పోతాయట. ఇంకోటి కూడా చెప్పింది: నీళ్లు కదలడం ఆగితే వెంటనే సంతోషపడొద్దు, ఊపిరితిత్తి తెరుచుకుని ఉండొచ్చు, గొట్టం మడత పడి కూడా ఉండొచ్చు. ముందు గొట్టం చూడాలి.

నాలుగో రోజు బుడగలు ఆగాయి. గొట్టంలో మడత లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మళ్లీ గోడకి ఆనుకుని కనిపించింది, మర్నాడు గొట్టం తీసేశారు. అన్న మొదట అడిగింది, చెట్టు మీద కుండ ఎవరు దించారని.