నూనె ఎవరిది, రాత్రి ఎవరిది?

పరీక్షలు దగ్గరపడితే పిల్లలు, డెలివరీ తేదీ ముంచుకొస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ‘మిడ్‌నైట్ ఆయిల్’ కాలుస్తున్నామంటారు. బెంగళూరులో ఆ మాట వినపడని ఆఫీసు ఉండదేమో. అయితే అలా అనేవాళ్ళలో ప్రమిదలో నూనె కొలిచి పోసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ కొలత తెలిస్తే ఈ మాటకున్న బరువు తెలుస్తుంది.

కొవ్వొత్తి అంత వెలుగిచ్చే వత్తికి గంటకు సుమారు 7 గ్రాముల నూనె పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక మూడు గంటలు చదివితే 20 గ్రాములు. నెలంతా చదివితే అర లీటరు దాటుతుంది. లీటరు 300 రూపాయల నువ్వుల నూనె అనుకుంటే నెలకు 200 రూపాయలు దీపానికే పోతాయి. అందుకే వెనకటి ఇళ్ళల్లో చదువుకు ఆముదమో కానుగ నూనో పోసేవారు. అంత ఖర్చుపెట్టినా వచ్చే వెలుగు దీపానికి అడుగు దూరం దాకానే. రెండడుగుల దూరానికి జరిగితే అందులో నాలుగో వంతే మిగులుతుంది. పిల్లవాడు పుస్తకం మీదికి వంగి, మసి పీలుస్తూ, ముంగురులు కాలకుండా చూసుకుంటూ చదివాడంటే అది భక్తి ఒక్కటే కాదు, లెక్క కూడా.

ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే మూడు గంటలు, నెలంతా వెలిగితే ఒక్క యూనిట్ కరెంటు కూడా కాలదు. ఖర్చు ఆరేడు రూపాయలు, వెలుగేమో ఆ దీపానికి ఎన్నో పదుల రెట్లు. “ఇక పడుకో నాయనా, నూనె అయిపోవస్తోంది” అని అమ్మ అనాల్సిన పని లేకుండా పోయింది. ఆ మాటలో పిసినారితనం కనిపిస్తుంది గాని, నిద్రకు కాపలా కాసింది కూడా ఆ మాటే.

బెంగళూరులో ఈ మార్పు ఎప్పుడు మొదలైందో తేదీతో సహా చెప్పొచ్చు. కావేరి మీద శివసముద్రం జలపాతం దగ్గర తీసిన కరెంటు 1902లో ముందు వెళ్ళింది కోలారు బంగారు గనులకు. దారిలో ఉన్న ఊళ్ళకు కాదు, చదువుకునే పిల్లలకు అసలే కాదు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్ళకు, 1905 ఆగస్టు 5న. గనికి రాత్రీ పగలూ లేవు. కరెంటు మన దగ్గర మొదట అలవాటు పడింది ఆ ఆగని పనికే.

ఈ తేదీ గుర్తుంటే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గురించి చెప్పే కథ కూడా వేరుగా వినిపిస్తుంది. ఇంటి పేరు ప్రకాశం జిల్లా వైపు ఊరిది, పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పూర్తిచేశారు. వీధి దీపం కింద చదివారని మన బడి పుస్తకాల వరస కథలు చెబుతాయి. చదివి ఉంటే అది నూనె దీపమే. ఊళ్ళోకి కరెంటు దీపం రావడానికి ఇంకా ఇరవైనాలుగేళ్ళు ఉంది. వీధి దీపానికి నూనె పోసేది ఊరు. అందుకే పేదింటి పిల్లవాడికి అది వరం: రాత్రి తనదే, చదువు తనదే, నూనె ఖర్చు మాత్రం ఊరిది. ఆయన పేరు మీదే రెండు కొవ్వొత్తుల కథ కూడా తిరుగుతుంది. సర్కారు పనికి సర్కారు కొవ్వొత్తి, సొంత ఉత్తరానికి సొంత కొవ్వొత్తి. కథ నిజమో కాదో గాని, దాన్ని అల్లినవాళ్ళకు ఏ వెలుగు ఎవరి పద్దులో పడాలో బాగా తెలుసు.

‘మిడ్‌నైట్ ఆయిల్’ అన్న మాట పుట్టుకలోనూ నూనె మీద తగువు ఉంది. ఇంగ్లీషులో దీన్ని పుస్తకానికెక్కించిన తొలివాళ్ళలో ఫ్రాన్సిస్ క్వార్ల్స్ అనే కవి ఒకడు, 1635లో. ఆ ఊహ మాత్రం అంతకు చాలా పాతది. గ్రీసులో డెమొస్తనీసు అనే వక్త రాత్రిళ్ళు దీపం ముందు కూర్చుని ఉపన్యాసాలు తయారుచేసుకునేవాడు. పైథియాస్ అనే ప్రత్యర్థి, నీ వాదనలు దీపపు వత్తి వాసన కొడుతున్నాయని ఎగతాళి చేశాడని ప్లూటార్క్ రాశాడు. అంటే అప్పట్లో నూనె వాసన పొగడ్త కాదు, తిట్టు: నీకు సహజంగా రాదు, కష్టపడి వండుకొచ్చావని. నీ దీపానికి తెలిసిన పనులు వేరు, నా దీపానికి తెలిసినవి వేరు అని డెమొస్తనీసు బదులిచ్చాడట.

ఇప్పుడు ఆ తిట్టు తిరగబడి బిరుదైంది. మారతహళ్ళిలో మా అక్క కొడుకు ఉండే పీజీలో గదికి మూడు మంచాలు. పక్కవాళ్ళ నిద్ర చెడకుండా మంచం చుట్టూ దుప్పటి కట్టుకుని, ఆ గుడారంలో లాప్‌టాప్ పెట్టుకుంటాడు. ఒకసారి వాడు ఏడింటికే పని ముగించి, మెయిల్ మాత్రం రాత్రి ఒకటిన్నరకు పోయేట్టు టైము పెట్టడం చూశాను. ఇదేమిట్రా అంటే, “వెంటనే పంపితే తేలిక పని అనుకుంటారు మావయ్యా” అన్నాడు నవ్వుతూ. పైథియాస్ ముక్కు మూసుకున్న వాసనను వీడు సెంటులా చల్లుకుంటున్నాడు.

అసలు కాల్చిన రాత్రుల ఫలితం వేరే చోట బయటపడుతుంది. రెండింటికి రాసిన కోడు పదింటికి రివ్యూలో తిరిగొస్తుంది. తప్పు పెద్దదేమీ కాదు, కళ్ళెదుట ఉన్నదే, కనపడలేదంతే. చదువులోనూ అంతే. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే కనుక, నిద్ర కోసి చదివినవాడు ఒక చేత్తో పోసి రెండో చేత్తో ఒలకబోసుకుంటున్నాడు. పైగా నూనె దీపం ఎర్రటి వెలుగు నిద్రను అంతగా చెరపదు. తెర మీది నీలి వెలుగు మాత్రం ఇంకా పొద్దు పోలేదని ఒంటిని నమ్మిస్తుంది.

మా అక్క కొడుకుది చాలామటుకు చదువు కూడా కాదు, న్యూయార్క్ వాళ్ళతో మీటింగు. అక్కడ మధ్యాహ్నం పన్నెండంటే, వేసవిలో బెంగళూరులో రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పితే అదే మీటింగు ఇక్కడ పదిన్నరకు పడుతుంది. అక్కడ ఎవరి భోజనమూ ఒక నిమిషం జరగదు, ఇక్కడ ఇరవైమంది నిద్ర గంట వెనక్కి పోతుంది. ఇది అర్ధరాత్రి నూనె కాదు, ఒకరి మిట్టమధ్యాహ్నానికి ఇంకొకరు పోసే నూనె.

పరీక్షకు చదివే పిల్లవాణ్ణి, సొంతంగా ఏదో నేర్చుకుంటున్నవాణ్ణి నేను ఆపను. ఆ రాత్రి వాడిది, మర్నాటి లాభమూ వాడిదే. రెండో రకం రాత్రికి మాత్రం వెనకటి అమ్మలా ఎవరో ఒకరు అడ్డం పడాలి. పోయిన నవంబరులో మా వాడి టీము ఆ పని చేసింది. మీటింగు మా తొమ్మిదిన్నరకే ఉంచండి, మీకు పదకొండవుతుంది అని రాశారు. అవతలివాళ్ళు సరేనన్నారు. అడిగేదాకా అది ఎవరికో గంట నిద్ర అన్న సంగతే వాళ్ళకు తట్టలేదట.