నాగలదిన్నె పుట్టి, అయిజ బస్సు



2009 అక్టోబరు వరదకు నాగలదిన్నె దగ్గర తుంగభద్ర బ్రిడ్జి కొట్టుకుపోయింది. మేం చిన్నప్పుడు తుగ్గలి తండా నుంచి అవతల అయిజకు సీడు పత్తి పనికి పోవాలంటే, ఎమ్మిగనూరులో బస్సు మారి, ఏటి ఒడ్డున దిగి పుట్టి ఎక్కాల్సిందే.

పుట్టి అంటే గుండ్రటి వెదురు బుట్ట. దానికి ముందూ వెనకా ఉండదు, నీళ్లు ఎటు లాగితే అటు తిరుగుతుంది. అందుకే నడిపే ఆయన మొదట ఒడ్డెంబడి ఎగువకు లాక్కుపోయి, అక్కడి నుంచి వదిలేవాడు. నీళ్లు కిందికి తోసినా సరిగ్గా అవతలి దారి దగ్గరే తేలేవాళ్లం. మూటలు నడుమ, మనుషులు చుట్టూ. ఒక్కరు లేచినా ఒరుగుతుంది.

మాకు నీళ్ల కంటే బస్సు భయమే ఎక్కువ. పుట్టి నిండందే కదలదు, అవతల బస్సు పుట్టి కోసం ఆగదు. ఒకసారి సగం ఏట్లో ఉండగానే ఆఖరి బస్సు పోతుంటే చూశాం. సీడు పత్తిలో సాయంత్రం మొగ్గ ఒలిస్తేనే మర్నాడు పొద్దున పుప్పొడి అద్దేది. అంటే రెండు పూటల పని పోయినట్టే. ఆ రాత్రి మూటల మీదే పడుకున్నాం.

ఆ తర్వాత ఎప్పుడూ ఆఖరి బస్సు లెక్క పెట్టుకోలేదు. దాని ముందు బస్సుకే ఇంట్లో బయలుదేరేవాళ్లం.