ఏడు వందల డబ్బా, నెలసరి నొప్పి

అన్నలూ తమ్ముళ్లూ, ఆడవాళ్ల విషయం కదా అని దాటేయకండి. మీ ఇళ్లల్లోనూ చెల్లెళ్లున్నారు.

నేను నర్సింగ్ చదువుతున్నా. హాస్టల్లో మా రూమ్ చెల్లి డిగ్రీ సెకండియర్. నెలసరికి వారం ముందు నుంచే రొమ్ములు సలుపుతాయి, బ్యాగ్ తగిలినా ఓర్చుకోలేదు. మొదటి రెండు రోజులు కడుపునొప్పితో క్లాసుకి పోదు. మొన్న ఒక రీల్ చూసి మెడికల్ షాపులో ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ ఆయిల్ డబ్బా కొన్నది. 30 క్యాప్సూల్స్, 700 రూపాయలు. స్కాలర్‌షిప్ డబ్బులు. "అక్కా, ఇది నేచురల్ అంట, సైడ్ ఎఫెక్ట్ లేదంట" అంది.

డబ్బా తిప్పి చూశాం. వెనక చిన్న అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఇంగ్లీషులో ఉంది. అంటే అది మందుగా కాదు, ఫుడ్ సప్లిమెంట్‌గా అమ్ముతున్నది. నొప్పి తగ్గిస్తదని ఎవరికీ రుజువు చూపక్కర్లేదు.

ఈ నూనె అమెరికా వైపు పుట్టిన ఒక పసుపు పూల మొక్క గింజల నుంచి తీస్తరు. అందులో గామా లినోలెనిక్ యాసిడ్ అనే కొవ్వు ఉంటది. ఒంట్లో అది మంటను తగ్గించే పదార్థంగా మారుతుందని ఆలోచన. వినడానికి బాగానే ఉంది. కానీ పరీక్ష పెట్టి చూస్తే నిలబడలేదు. 2002లో నెదర్లాండ్స్‌లో రొమ్ము నొప్పి ఉన్న 120 మంది ఆడవాళ్ల మీద ఆరు నెలల పరిశోధన వచ్చింది. కొందరికి ఈ నూనె, కొందరికి మొక్కజొన్న నూనె లాంటి మామూలు నూనె, ఎవరికి ఏదో వాళ్లకే తెలియకుండా ఇచ్చారు. నొప్పి రెండు వైపులా తగ్గింది, తేడా లేదు. అదే ఏడాది బ్రిటన్‌లో రొమ్ము నొప్పికి డాక్టర్లు రాసే ఎఫామాస్ట్ అనే క్యాప్సూల్‌కి లైసెన్సు తీసేశారు. విషమని కాదు, పనిచేస్తుందనడానికి సరిపడా రుజువు లేదని.

చెల్లి ఒప్పుకోలేదు. "రెండో నెల తగ్గింది కదా అక్కా!" నిజమే, తగ్గింది. కానీ మనం డబ్బా ఎప్పుడు కొంటాం? అన్నిటికంటే ఎక్కువ నొప్పి వచ్చిన నెలలో. దాని తర్వాతి నెల మామూలుగానే కొంచెం తేలిక అవుతది. మామూలు నూనె మింగినవాళ్లకీ అట్లనే తగ్గింది. ఇంకో లెక్క చెప్పాను. పరిశోధనల్లో రోజుకు 3 గ్రాముల దాకా ఇచ్చారు. అంటే 1000 మిల్లీగ్రాములవి రోజుకు మూడు. ఆమె డబ్బా పది రోజులకే అయిపోతది, నెలకి 2100 రూపాయలు. నోరు తెరిచింది పాపం.

సైడ్ ఎఫెక్ట్ లేదనేది కూడా తప్పే. కడుపులో తిప్పడం, తలనొప్పి వస్తాయి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం భయం ఉంది. ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఆపరేషన్ ముందున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. నెలసరి నొప్పికి చేప నూనె, బీ1, శొంఠి మీద చిన్న చిన్న పరిశోధనలున్నయి గానీ గట్టివి కావు. శొంఠి టీ తాగితే నష్టం లేదు, దాని పేరుతో డబ్బా కొనక్కర్లేదు.

మరి కడుపునొప్పికి ఏం చేయాలి? నెలసరిలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం గర్భసంచిని పిండుతది. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ దాని తయారీనే తగ్గిస్తయి. అందుకే నొప్పి ముదిరాక కాదు, మొదలవగానే తిన్న తర్వాత వేసుకోవాలి, రెండు మూడు రోజులే. మెఫెనమిక్ వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. పొత్తికడుపు మీద వేడి కాపడం కూడా బాగా పనిచేస్తది, పైసా ఖర్చు లేదు. రొమ్ములకు సరిగ్గా పట్టి ఉంచే బ్రా, రాత్రి కూడా.

ఇక్కడ మనవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. సికిల్ సెల్ వ్యాధి మన ఊళ్లలో ఎక్కువ. అది ఉన్నవాళ్లకి ఈ నొప్పి గోళీలు కిడ్నీని దెబ్బతీయొచ్చు, సొంతంగా వేసుకోవద్దు. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నా అంతే. ముందు మీ సికిల్ సెల్ కార్డు ఏం చెప్తుందో చూసుకోండి. మా చెల్లి కార్డు చూశాకే పీహెచ్‌సీ మేడమ్ గోళీ రాసింది.

ఆ మేడమే క్యాలెండర్ మీద నొప్పి రోజులు గుర్తు పెట్టమంది. నొప్పి నెలసరితో వచ్చి దానితోనే పోతే భయం తక్కువ. ఒకే వైపు ఒకే చోట నొప్పి, గడ్డ, చనుమొన నుంచి రక్తం, గోళీ వేసినా ఏటేటా పెరిగే కడుపునొప్పి ఉంటే మాత్రం సిగ్గుపడకుండా చూపించుకోవాలి. మా చెల్లిది మూడు నెలల క్యాలెండర్‌లో అంతా నెలసరి ముందే పడింది. మిగిలిన క్యాప్సూల్స్ ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉన్నయి, "డబ్బులు పెట్టి కొన్నా కదా అక్కా" అని పారేయదు.