మాట్లాడి వచ్చాక మిగిలే కాగితం

ఐటీడీఏ సమావేశంలో మన ఊరి పెద్దకు దొరికేది ఐదు నిమిషాలు. ఆయన బాగానే చెబుతాడు, పీఓ గారు శ్రద్ధగానే వింటారు. కానీ సాయంత్రం దాకా అలాంటివి ఎన్నో వింటారు. తర్వాత ఫైలు కదపాల్సిన సెక్షన్ గుమాస్తా ఆ గదిలోనే ఉండడు. మన మాట అతనికి చేరాలంటే ఒక పేజీ కాగితం వదిలి రావాలి.

వాగు అవతలి గూడేనికి బడి అడగడానికి పెద్దలు వెళ్తుంటే, ఉపాధ్యాయులం కొందరం కలిసి ఆ పేజీ రాశాము. పైన గూడెం, పంచాయతీ, మండలం పేర్లు, తేదీ పెట్టాము. కిందనే కోరిక ఒక్క వాక్యంలో: 'మా గూడెంలోని 23 మంది పిల్లలకు ఈ జూన్‌లో ప్రాథమిక పాఠశాల తెరవాలి.'

దాని కింద మూడు విషయాలే రాశాము. మొదటిది తరగతుల వారీగా పిల్లల లెక్క. రెండోది దూరం: ఇప్పుడున్న బడి 3 కిలోమీటర్లు, మధ్యలో వంతెన లేని వాగు. విద్యాహక్కు చట్టం కింద చేసిన నిబంధనలు 1-5 తరగతుల పిల్లలకు ఒక కిలోమీటరు నడక దూరంలో బడి ఉండాలంటాయి. మూడోది, భవనం కట్టేదాకా గూడెం ఇచ్చే గది. పేజీ చివర ఇద్దరి ఫోన్ నంబర్లు, జతచేసిన గ్రామసభ తీర్మానం తేదీ ఇచ్చాము.

వంతెన సంగతి అందులో అడగలేదు. అది ఇంజనీరింగ్ వాళ్ల పని. రెండు కోరికలు ఒకే కాగితంలో ఉంటే అది ఏదో ఒక బల్ల మీదే ఆగిపోతుంది. వంతెనకు వేరే పేజీ రాశాము.

పెద్దాయన మాటల్లో పిల్లలు 'ముప్పైకి పైనే' అని వచ్చేది, అంగన్‌వాడీ పిల్లల్నీ కలిపి చెప్పేవాడు. మాటలో ఒక లెక్క, కాగితంలో ఒక లెక్క ఉంటే వినేవాళ్లు రెండింటినీ అనుమానిస్తారు. అందుకని ముందురోజు కూర్చుని ఇద్దరమూ 23 అనే చెప్పుకున్నాము. వానాకాలంలో పిల్లలు పడే పాట్లు కాగితంలో పెట్టలేదు, అవి ఆయన నోటితోనే వినాలి.

వాగు ఫొటో జిరాక్సులో నల్లగా పడుతుంది. దాని బదులు గూడెం, వాగు, బడి పెన్నుతో గీశాము. ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంచాము, అధికారి ఎవరికి పంపాలో రాసేది అక్కడే.

రాసింది సరిపోయిందో లేదో చూడటానికి, ఈ సంగతి తెలియని పక్క మండలం మాస్టారికి ఒక్క నిమిషం ఇచ్చి వెనక్కి తీసుకున్నాము. 'ఏం అడుగుతున్నారు, ఎందరికి, ఎప్పటికి?' అని అడిగితే మూడూ చెప్పారు. చెప్పలేకపోయుంటే మళ్లీ రాసేవాళ్లం.

కాగితం మాట్లాడటం అయ్యాకే ఇవ్వాలి. ముందే ఇస్తే తలలు దానివైపు వంగుతాయి, మనిషిని చూడరు. ఇంకో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోవాలి.

బడి ఇస్తారా లేదా అన్నది ఈ పేజీ తేల్చదు. కానీ పీఓ గారు బదిలీ అయినా, కొత్తగా వచ్చినవారు ఫైలు తెరిస్తే గూడెం ఏమడిగిందో మొదటి వాక్యంలోనే కనిపిస్తుంది.