కుట్లకు అందని చోటు

ఆమెకు 46 ఏళ్లు. పొద్దున బాగానే ఉంటుందట, సాయంత్రానికి కింద ముద్దలాంటిదేదో జారి తగులుతుందట. ఇద్దరు పిల్లలూ మామూలు కాన్పులే, మొదటిదానికి ఫోర్సెప్స్ వేశారు. "కుట్లు చక్కగా మానాయని అప్పుడే చెప్పారు డాక్టరమ్మా" అంది. నిజమే, మచ్చ సన్నని గీతలా ఉంది.

ఆ కుట్లు పడింది కింది వరుసలో. చర్మం లోపల ఒక అర, దానిపైన పెరీనియల్ పొర, ఆ పొర మీద ఇంకో అర ఉంటాయి. మొదటి అరలో యోని ద్వారం చుట్టూ, అడ్డంగా సాగే పలుచని కండరాలు, లోపలి అరలో మూత్రనాళాన్ని బిగించేవి ఉంటాయి. వీటిలో చాలావరకు యోనికీ మలద్వారానికీ నడుమ ఉన్న గట్టి ముడిని పట్టుకునే ఉంటాయి. కాన్పులో మనం కోసేదీ, చూసి కుట్టేదీ ముఖ్యంగా ఈ భాగాన్నే.

బరువు మోసేది మాత్రం ఈ రెండు అరలకూ పైనున్న లివేటర్ కండరం. పొత్తికడుపు కింద చేతికి తగిలే జఘనాస్థి వెనక పుట్టి, యోనిని, పురీషనాళాన్ని చుట్టి అవతలి వైపుకు చేరుతుంది. నిద్రలో కూడా పూర్తిగా వదులవదు. నడుమ సందును అది మూసి ఉంచినంత కాలం గర్భసంచిని పట్టుకున్న స్నాయువుల మీద పెద్ద భారం పడదు.

బిడ్డ తల దిగేటప్పుడు ఈ కండరంలో ఎముకకు దగ్గరగా ఉన్న లోపలి పాయ ఎక్కువ సాగాలి. ఉన్నదే పొట్టి పాయ, తల చుట్టూ తిరగాల్సిందీ అదే. 2004లో అమెరికాలో చేసిన కంప్యూటర్ నమూనాలో అది అసలు పొడవుకు మూడు రెట్లు దాటి సాగింది. చాలామందిలో తిరిగి సర్దుకుంటుంది. కొందరిలో ఎముక దగ్గరే ఊడిపోతుంది, ఫోర్సెప్స్ వేస్తే ఆ ముప్పు ఎక్కువ. పై చర్మం చెక్కుచెదరకుండానే ఇది జరగవచ్చు, అందుకే ప్రసవ గదిలో తెలియకపోవచ్చు.

మూత్రనాళం పక్కన వేలు పెట్టి "బిగించమ్మా" అన్నాను. ఎడమవైపు కండరం వేలిని నొక్కింది. కుడివైపు కండరమే లేదు, వేలు సూటిగా ఎముకను తాకింది. ఇన్నేళ్లూ ఆ భారం స్నాయువుల మీద పడి, అవి కొద్దికొద్దిగా సాగాయి.

"గర్భసంచి తీసేస్తే పోతుందా?" అనడిగింది. ఒక్క గర్భసంచి తీసినంత మాత్రాన సందు చిన్నదవదు, తర్వాత యోని పైభాగమే జారవచ్చు. ఆపరేషన్ చేస్తే దాన్ని పైన కట్టి నిలపాలి, అయినా కండరం ఊడినవాళ్లలో మళ్లీ జారే అవకాశం ఎక్కువ. కెగెల్ వ్యాయామం ఎడమ భాగానికి బలమిస్తుంది, ఊడినదాన్ని అతికించలేదు. ముందు పెస్సరీ రింగు పెట్టాం. ముక్కినప్పుడు జారి పడింది, సందు వెడల్పైతే అంతే. దానికన్నా పెద్ద సైజు నిలిచింది.