ఫోటోలో తెల్లగా మెరిసిన మావాడి కన్ను

మాది సింగరాయకొండ దగ్గర యానాది కాలనీ. మేం ఇద్దరం అన్నదమ్ములం, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. ఇది మా అక్క కొడుకు సంగతి. పోస్ట్ కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు రాత్రిపూట ఫ్లాష్ వేసి వాడి ఫోటోలు చాలా తీశాం. అప్పుడు వాడికి పదమూడు నెలలు. కొన్ని ఫోటోల్లో కుడి కన్ను ఎర్రగా పడింది, ఎడమ కన్ను మాత్రం తెల్లగా, చీకట్లో పిల్లి కన్నులాగ మెరిసింది. ఫోన్ మంచిది కాదేమో అనుకున్నాం. మా అవ్వయితే పిల్లికళ్ల పిల్లోడు అదృష్టవంతుడు అంది. అందరం నవ్వుకున్నాం. పండగ కాగానే అక్కా బావా మిరపకాయ కోతలకి గుంటూరు వైపు వెళ్లిపోయారు, వాణ్ని కూడా తీసుకెళ్లారు.

ఉగాదికి తిరిగొచ్చేసరికి ఆ కన్ను పక్కకి తిరుగుతోంది. మెల్లకన్ను అన్నారు. జూన్‌లో ఒక డాక్టరుకి చూపిస్తే చుక్కల మందు రాసి, పెద్దయ్యాక చూద్దాంలే అన్నారు. ఆయన టార్చి వేసి చూశారు గానీ, కంట్లో చుక్కలు వేసి పాప పెద్దదయ్యాక లోపలికి చూడలేదు. మేం ఫోటోలు చూపించనూ లేదు. అసలు చూపించాలని మాకు తోచలేదు, అదీ నిజమే.

ఆగస్టులో మా సీనియర్ అక్క ఒకామె, నర్సింగ్ చదువుతోంది, మా ఫోన్లో ఆ ఫోటో చూసి ఒక్కసారిగా మాట మార్చేసింది. "రేపు కాదు, ఈ రాత్రికే బయల్దేరండిరా" అంది. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లాం. డబ్బు లేనివాళ్లకి అక్కడ ఉచితంగా చూస్తారని ఆమే చెప్పింది.

జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. కంటి వెనక పొర, అంటే రెటీనాలో వచ్చే కేన్సర్, ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకి వస్తుంది. ఫ్లాష్ వెలుగు పాపలోంచి లోపలికి వెళ్లి, రక్తం నిండిన వెనక గోడకి తగిలి ఎర్రగా తిరిగొస్తుంది. మామూలు ఫోటోలో కన్ను ఎర్రగా పడేది అందుకే. అక్కడ తెల్లటి గడ్డ ఉంటే వెలుగు దానికి తగిలి తెల్లగా తిరిగొస్తుంది. తెల్ల మెరుపు ఉన్నంత మాత్రాన కేన్సరే అని కాదు. పుట్టుకతో వచ్చే శుక్లం వల్లా రావచ్చు, పిల్లోడు పక్కకి చూస్తున్నప్పుడు కంటి నరం మొదలు మీద వెలుగు పడినా రావచ్చు. కానీ ఒకే కన్ను పదేపదే తెల్లగా పడితే ఆగకూడదు.

అక్కడ మత్తు ఇచ్చి, పాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెండు కళ్లూ పూర్తిగా చూశారు, స్కానింగ్ తీశారు. ముక్క తీసి పరీక్ష చెయ్యరా అని బావ అడిగాడు. ఈ జబ్బుకి అలా సూది గుచ్చితే కేన్సర్ కణాలు బయటికి వచ్చేస్తాయి, చూసే తేలుస్తాం అన్నారు.

ఎడమ కన్ను గడ్డతో నిండిపోయింది, చూపు లేదు. తీసెయ్యాలన్నారు. అక్క రెండు రోజులు ఒప్పుకోలేదు, "కన్ను లేని పిల్లోణ్ని ఇంటికెట్టా తీసకపోయేది" అని ఏడ్చింది. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: ఇది కంటి నరం పట్టుకుని మెదడుకి పాకితే పిల్లోడే దక్కడం కష్టం, కంట్లో ఉండగానే తీస్తే బతుకుతాడు అని. మంచి వైద్యం టైముకి అందే దేశాల్లో నూటికి తొంభై అయిదుమందికి పైగా పిల్లలు బతుకుతున్నారట. మన దగ్గర పోతున్నది ఎక్కువగా ఆలస్యంగా వచ్చేవాళ్లే.

అక్కణ్నే ఇంకో సంగతి తెలిసింది. కుడి కంట్లో కూడా చిన్న గడ్డ ఉంది. ఫోటోల్లో కనపడేంత పెద్దది కాదు. అది చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి, ఆరుసార్లు కీమో ఇచ్చి, లేజర్ పెట్టి ఆ కన్ను నిలబెట్టారు. ఇప్పుడు ఆ కంటితోనే వాడు కాలనీలో కోళ్లని తరుముతున్నాడు. ఎడమ వైపు కృత్రిమ కన్ను పెట్టారు, దూరం నుంచి తేడా తెలీదు.

తర్వాత మేం ఫోన్లో పాత ఫోటోలన్నీ వెతికాం. మొదటి తెల్ల మెరుపు వాడికి అయిదు నెలలప్పటిది. అంటే పదిహేను నెలలు మా జేబులోనే ఉంది. అమెరికాలో బ్రయాన్ షా అనే కెమిస్ట్రీ ప్రొఫెసరు తన కొడుక్కి ఇదే జబ్బు వచ్చాక వేల ఫోటోలు తిరగేస్తే, పుట్టిన పన్నెండో రోజు ఫోటోలోనే తెలుపు కనపడింది. ఆ పని మీదే ఫోటోల్లో తెల్లకన్ను పట్టే యాప్ కూడా తయారుచేశారు. అది చదివి కొంచెం ఊరట కలిగింది, తప్పు మా ఒక్కళ్లదే కాదని. అయినా పదిహేను నెలలు పదిహేను నెలలే.

మీ ఇళ్లలో చిన్నపిల్లలుంటే ఇట్టా చూడండి. గది కొంచెం చీకటిగా ఉండాలి, ఫ్లాష్ వెయ్యాలి, ఫోన్లో ఎర్రకన్ను తగ్గించే సెట్టింగ్ ఉంటే తీసెయ్యాలి. నేరుగా, పైకి, రెండు పక్కలకీ చూస్తుండగా నాలుగైదు ఫోటోలు తియ్యండి. గడ్డ పక్కన ఉంటే నేరుగా చూసినప్పుడు మెరవదు. మెరుపు కనపడినా, కొత్తగా మెల్లకన్ను వచ్చినా, ఆ ఫోటోలు పట్టుకుని వారంలోపే కంటి ఆసుపత్రికి వెళ్లి "చుక్కలేసి రెటీనా చూడండి" అని నోరు తెరిచి అడగండి. ఫోటోలు బాగున్నాయంటే జబ్బు లేదని కాదు, మావాడి కుడి కన్నే సాక్ష్యం.

రెండు కళ్లకీ వస్తే అది జన్యువులోనే ఉన్నట్టు. అందుకని అక్కా బావా కళ్లు కూడా చూశారు. ఈ ఏడు అక్కకి పాప పుట్టింది. మొదటి నెల దాటకముందే తీసుకెళ్లి చూపించాం, రెండు కళ్లూ శుభ్రంగా ఉన్నాయి. పిల్లోడి రక్తంలో ఏ మార్పు ఉందో తేలితే, అదే మార్పు పాపకి ఉందా లేదా చూస్తారంట. లేకపోతే ఇక ఈ తిరుగుళ్లు అక్కర్లేదు. అప్పటిదాకా నెలనెలా వెళ్లాలి. వచ్చే సోమవారం రెండోసారి, రాత్రి రైలుకి టికెట్లు తీశాం.