దానియేలు పళ్ళెం, మా పిల్లల పళ్ళెం

దానియేలు అనగానే మనకు ముందు సింహాల గుహే గుర్తొస్తుంది. సండే స్కూల్లో రంగులేసిన బొమ్మ కూడా అదే. కానీ ఆ గుహలో పడేసరికి దానియేలు ముసలివాడు. చిన్నప్పుడే ఊరూ తల్లిదండ్రులూ దూరమై, పరాయి దేశంలో పరాయివాళ్ళ అన్నం ముందు కూర్చున్న దానియేలు మొదటి అధ్యాయంలో ఉన్నాడు. ఇంటర్ అయిపోగానే హాస్టల్‌కి వెళ్ళిపోయే మన పిల్లలకు దగ్గరివాడు అతనే. అందుకే ఈసారి మా చర్చి యూత్ వాళ్ళకు స్నేహితుల ఒత్తిడి గురించి చెప్పమంటే, ఆ ఒక్క అధ్యాయమే తీసుకుని నాలుగు ఆదివారాలు చదివించాను. పన్నెండు మంది పిల్లలు, అందరూ పదహారుకీ ఇరవైకీ మధ్యవాళ్ళు. మీ ఇంట్లోనూ ఆ వయసు పిల్లలుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

కథ మీకు తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. క్రీ.పూ. 605 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చాడు. మంచి కుటుంబాల్లోని తెలివైన కుర్రాళ్ళను ఏరి తీసుకుపోయాడు. వాళ్ళకు కల్దీయుల భాష, విద్య మూడేళ్ళు నేర్పించి కొలువులో పెట్టుకోవాలన్నది అతని ఆలోచన. రోజూ రాజు తినే భోజనం, రాజు తాగే ద్రాక్షారసం వాళ్ళకూ పెట్టమన్నాడు. ఇలా రేషన్ ఇవ్వడం అక్కడ నిజంగానే ఉండేది. బబులోను తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల మీద, చెరలో ఉన్న యూదా రాజు యెహోయాకీనుకూ, అతని ఐదుగురు కొడుకులకూ ఇచ్చిన నూనె లెక్క రాసి ఉంది. ఈ సంగతి చెప్పాక, అంతవరకూ ఫోన్లు చూసుకుంటున్న ఇద్దరు తలెత్తారు. కథ అనుకున్నది ఎవరో లెక్కరాసిన పద్దు పుస్తకంలోకి వచ్చేసరికి వాళ్ళకు నమ్మకం కుదిరింది.

మొదటి ఆదివారం ఒకే ప్రశ్న అడిగాను. దానియేలు దేనికి ఒప్పుకున్నాడు, దేనికి ఒప్పుకోలేదు? కాగితం మధ్యలో గీత గీసి రాయమన్నాను. ఒప్పుకోనివి రాయడం తొందరగా అయిపోయింది. రాజు భోజనం, ద్రాక్షారసం, అంతే. ఒప్పుకున్న వాటి వైపే కాగితం నిండింది. పరాయి భాష నేర్చుకున్నాడు. వాళ్ళ చదువు చదివాడు. వాళ్ళ కొలువులో పని చేశాడు. చివరికి పేరు మార్చినా గొడవ పెట్టుకోలేదు. బెల్తెషాజరు అన్న ఆ కొత్త పేరు రాజు దేవుడి పేరు మీద పెట్టిందే. అయినా పిలిచేవాళ్ళను పిలవనిచ్చాడు.

మన పెద్దవాళ్ళం కూడా ఇక్కడ కాసేపు ఆగాలి. పిల్లలు హాస్టల్‌కి వెళ్తుంటే జుట్టు దగ్గర్నుంచి సినిమా దాకా అన్నిటికీ "వద్దు" అని చెప్పి పంపుతాం. ముప్ఫై వద్దులు మోసుకెళ్ళిన పిల్లాడు, వాటిలో అసలైనవి ఏవో తెలియక మొదటి నెలలోనే అన్నీ కలిపి దించేస్తాడు. దానియేలుకు వద్దు ఒక్కటే. కాబట్టి దాన్ని పట్టుకుని నిలబడగలిగాడు.

మరి తిండినే ఎందుకు కాదన్నాడు? అపవిత్రం కాకూడదనుకున్నాడు అని మాత్రమే బైబిల్లో ఉంది. నిషేధమైన మాంసం వల్ల అంటారు కొందరు. కానీ ద్రాక్షారసం మామూలు యూదులకు నిషేధం కాదు. విగ్రహాల ముందు పెట్టింది కాబట్టి అంటారు ఇంకొందరు. రాజు పళ్ళెంలో రోజూ తింటూ పోతే మెల్లగా రాజు మనిషి అయిపోతాం అన్న భయం అని మరికొందరు. పిల్లలు ఈ మూడోదాన్ని పట్టుకున్నారు. ఒకమ్మాయి "రోజూ పార్టీ ఇచ్చేవాళ్ళకు ఎదురు మాట్లాడలేం కదా ఆంటీ" అంది. ఒకబ్బాయి మాత్రం, అయితే చికెన్ మానెయ్యాలా అని బెంగగా అడిగాడు. పదో అధ్యాయం తీయించాను. అక్కడ దానియేలు మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం మానేసి దుఃఖంలో ఉన్నాడని ఉంది. అంటే మిగతా రోజుల్లో తినేవాడనే కదా. పిల్లాడు ఊపిరి పీల్చుకున్నాడు.

రెండో వారం చీపురు పుల్లలతో ఒక ఆట ఆడించాను. 1951లో సోలమన్ యాష్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గీతలతో చేసిన ప్రయోగం అది. ఒక గీత చూపించి, పక్కనున్న మూడింట్లో దానికి సమానమైనది ఏదో చెప్పమంటారు. చిన్నపిల్లలు కూడా చెప్పేంత తేలిక. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్తారు. అప్పుడు ఆ ఒక్కడేం చేస్తాడన్నదే పరీక్ష. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో కలిసి తప్పు చెప్పారు.

మా దగ్గర ఆరుగురికి ముందే చెప్పి ఉంచి, ఆలస్యంగా వచ్చిన ఒకమ్మాయిని చివర కూర్చోబెట్టాను. పొట్టి పుల్లను అందరూ సమానం అంటుంటే ఆ పిల్ల అటూ ఇటూ చూసి తనూ అదే అంది. విషయం చెప్పగానే అందరితో పాటు నవ్వేసి, "నా కళ్ళకేమైనా అయిందేమో అనుకున్నా ఆంటీ" అంది. పుల్లల దగ్గరే ఇలా ఉంటే, పన్నెండు మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎలా ఉంటుందో ఇక నేను చెప్పక్కర్లేదు.

కానీ నాకు కావలసింది ఆ ప్రయోగంలో రెండో సగం. గుంపులో ఇంకొక్కడు నిజం చెప్తే చాలు, తప్పు జవాబులు దాదాపు నాలుగో వంతుకు పడిపోయాయి. ఒక్క తోడు! ఇప్పుడు మళ్ళీ దానియేలు దగ్గరికి రండి. నిర్ణయం అతనొక్కడిదే, కానీ అడిగేటప్పుడు నలుగురి కోసం అడిగాడు. హనన్యా, మిషాయేలు, అజర్యా పక్కనే ఉన్నారు. గట్టి మనసున్నవాడు ఒంటరిగానే నిలబడాలని ఆ కథలో ఎక్కడా లేదు.

మూడో వారం, అడిగిన పద్ధతి చూశాం. దానియేలు ముందు పెద్ద అధికారి అష్పెనజును అడిగాడు. ఆయనకు దానియేలంటే ఇష్టమే, కానీ భయం. కుర్రాళ్ళు చిక్కిపోతే రాజు నా తల తీయిస్తాడన్నాడు. దానియేలు ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. తర్వాత తమ భోజనం చూసుకునే కింది అధికారి దగ్గరికి వెళ్ళి, పది రోజులు కూరగాయలు, మంచినీళ్ళు పెట్టి చూడమన్నాడు. తర్వాత ఏం చేయాలో మీరే నిర్ణయించుకోండన్నాడు. ఎదుటివాడు ఒప్పుకోగలిగినంత చిన్నదిగా, గడువు పెట్టి అడిగాడు.

ఇక్కడే మాలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివే అబ్బాయి నోరు విప్పాడు. గదిలో నలుగురు ఉంటారట. శనివారం వస్తే మనిషికి మూడు వందలు వేసుకుని బీర్లు, బిర్యానీ. వీడు తాగడు. కానీ డబ్బు వేస్తాడు, గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు. ఎప్పుడో ఒకరోజు గ్లాసు ఖాళీ అవుతుందని వాడికే భయం. మన దగ్గర ఇరవై ఒకటి నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదని చట్టం ఉంది, అది వాళ్ళకూ తెలుసు.

"వాళ్ళ భయం ఏమిటి?" అని అడిగాను. మొదట, వాళ్ళకేం భయం ఆంటీ అన్నాడు. కాసేపు ఆలోచించి, "నేను ఇంట్లో చెప్పేస్తానని. ఇంకా... నేను మంచివాడిననీ, వాళ్ళు చెడ్డవాళ్ళనీ అనుకుంటున్నానని" అన్నాడు. అష్పెనజు దొరికాడు! బలవంతం చేసేవాళ్ళు చాలాసార్లు అలా భయపడేవాళ్ళే.

పిల్లలంతా కలిసి వాడికి మాటలు తయారుచేశారు. ఉపన్యాసం వద్దు, బైబిల్ తీయొద్దు అని మిగతావాళ్ళే చెప్పారు. చివరికి మిగిలినవి ఇవి. "నేను తాగను రా. నా వంతు బిర్యానీకి వేస్తా, బీరుకి వేయను. మీ సంగతి ఎక్కడా చెప్పను. బయటికెళ్తే బండి నేనే నడుపుతా. ఈ రెండు శనివారాలు ఇలా చూద్దాం." ఇది శనివారం సాయంత్రం గ్లాసుల ముందు కాకుండా, బుధవారం టిఫిన్ దగ్గర చెప్పమన్నాను. దానియేలు కూడా పళ్ళెం ముందుకు వచ్చాక ఆలోచించలేదు, ముందే మనసులో నిశ్చయించుకున్నాడు. ఎవరికీ చెప్పనన్న మాట దగ్గర మాత్రం ఒక మినహాయింపు పెట్టాను. ఎవరి ప్రాణం మీదికైనా వస్తే, ఎవరినైనా కొడితే, ఒక అమ్మాయికి హాని జరిగేలా ఉంటే, ఏ మాటా ఇవ్వనట్టే. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి.

నాలుగో వారం వాడు వచ్చి చెప్పాడు. ఒకడు "సరేలే" అన్నాడట. ఒకడు "పాస్టరు గారు" అని పేరు పెట్టి ఇప్పటికీ అలాగే పిలుస్తున్నాడు. మూడోవాడు రెండో శనివారం మెల్లగా వీడి పక్కకు వచ్చి, నాకూ కూల్‌డ్రింక్ తెప్పించు అన్నాడట. దానియేలు పది రోజుల తర్వాత మిగతావాళ్ళకంటే కళగా కనిపించాడు. మావాడికి దక్కింది ఒక తోడు, ఒక వెక్కిరింపు పేరు.

ఆ వెక్కిరింపు గురించి పిల్లలకు దాచకుండా చెప్పాలి. కాదన్నవాడికల్లా మెప్పు వస్తుందని నేర్పితే, రానిరోజు వాళ్ళు కథనే అబద్ధమంటారు. అందుకే చివరి వారం మూడో అధ్యాయం కూడా చదివించాను. అగ్నిగుండం ముందు ఆ ముగ్గురు స్నేహితులు, దేవుడు తప్పించకపోయినా మేము మొక్కం అన్నారు. పది రోజుల గడువు పెట్టడానికి అక్కడ వీల్లేదు. కొన్ని ఒత్తిళ్ళు మాటలతో సర్దుకునేవి, కొన్ని గదే మారాల్సినవి. మావాడికి కూడా చెప్పాను, కొట్టడం, డబ్బు లాక్కోవడం మొదలైతే అది స్నేహితుల ఒత్తిడి కాదు, ర్యాగింగ్. అప్పుడు వార్డెన్‌కి చెప్పాలి, ఇంటికి ఫోన్ చేయాలి.

మీ పిల్లలు సెలవులకు వస్తే ఇలా అడిగి చూడండి. ఎవరితో తిరుగుతున్నావు అని కాదు, "నువ్వు కాదంటే నీతోపాటు కాదనేవాడు అక్కడ ఒక్కడైనా ఉన్నాడా?" అని. ఉన్నాడంటే ఆ పిల్లాడిని ఈసారి సెలవులకు మనింటికి భోజనానికి పిలవండి.